గదిలో నష్టం జరిగితే అతిథికి రాసే ఉత్తరం: రుజువు, లెక్క, గడువు

ప్రశ్న: రాజమహేంద్రవరంలో పన్నెండు గదుల లాడ్జి నడుపుతున్నాను. నవంబరు 14 నుంచి 16 వరకు పెళ్లివారు ఆరు గదులు తీసుకున్నారు. ఖాళీ చేసి వెళ్లాక చూస్తే 204లో వాష్ బేసిన్ విరిగి ఉంది. పరుపు మీద ఇస్త్రీ పెట్టెతో కాలిన మచ్చ ఉంది, పైనున్న దుప్పటి కూడా కాలింది. మరో రెండు దుప్పట్లకు గోరింటాకు మరకలు అయ్యాయి. డిపాజిట్ తీసుకోలేదు. ఫోను చేస్తే పెళ్లికూతురి నాన్నగారు "మావాళ్లు అలాంటివాళ్లు కారు" అని పెట్టేశారు. గొడవ కాకుండా డబ్బు అడుగుతూ ఉత్తరం ఎలా రాయాలి? ఎన్ని రోజుల గడువు ఇవ్వాలి?

జవాబు:

ఇరవై రెండేళ్లుగా విశాఖలోనూ తిరుపతిలోనూ హోటళ్ల రిసెప్షన్ బాధ్యతలు చూస్తున్నాను. ఇలాంటి ఉత్తరాలు చాలా రాశాను. మొదట్లో రాసినవి కొన్ని నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తాయి, ఆ సంగతి తర్వాత చెబుతాను.

పెళ్లికూతురి తండ్రి మాటను ముందు సరిగా అర్థం చేసుకోవాలి. ఆయన 204లో ఉండి ఉండరు. పెళ్లి పనుల్లో ఆ గదిలోకి తొంగి చూసి కూడా ఉండరు. మీ ఫోను ఆయనకు తన చుట్టాల మర్యాద మీద వేసిన నిందలా వినిపించింది, అందుకే మర్యాద గురించే జవాబిచ్చారు. మీ ఉత్తరం ఆ మాటను మళ్లీ బేసిన్ దగ్గరికి, పరుపు దగ్గరికి తీసుకురావాలి. ఎవరు మంచివారు, ఎవరు కారు అనే ప్రస్తావన అందులో ఎక్కడా ఉండకూడదు. "మీవాళ్లు పగలగొట్టారు" అని ఒక్క వాక్యం రాసినా ఆయన ఆ వాక్యానికే జవాబు చెబుతారు, లెక్క చదవరు. "గది మీ వారి వాడకంలో ఉన్న సమయంలో ఇది జరిగింది" అని రాయండి. మీరు నిజంగా చూపించగలిగేది కూడా అంతే.

ఉత్తరం రాసే ముందు ఆ రెండు వస్తువులనూ మీకు వ్యతిరేకంగా వాదించే మనిషి కళ్లతో చూడండి. నేను బేసిన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే లాడ్జి యజమానులు ఎక్కువగా పొరపాటు పడేది అక్కడే.

గోడకు బిగించిన పింగాణీ బేసిన్ విరిగిందంటే కారణం అతిథే కానక్కర లేదు. విరిగిన అంచును వెలుతురులో పెట్టి చూడండి. కొత్తగా విరిగితే అంచు పొడవునా తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. అంచులో కొంత భాగం తెల్లగా ఉండి, మిగతా భాగంలో సబ్బు మురికి పట్టి గోధుమరంగు గీతలా కనిపిస్తే, అక్కడ పగులు ముందే ఉందని అర్థం. తర్వాత గోడలోని బోల్టులు చూడండి. బరువు పడి ఊడితే బోల్టు వంగి ఉంటుంది, లేదా గోడ పూతను తాజాగా పెకలించుకుని బయటికి వచ్చి ఉంటుంది. బోల్టు తుప్పు పట్టి సన్నబడి తెగిపోతే అది మీ నిర్వహణ లోపం. చెంబో సీసానో జారి పడితే, తగిలిన చోట చిన్న గుంట ఏర్పడి దాని చుట్టూ పగుళ్లు కిరణాల్లా వ్యాపిస్తాయి. తుప్పు గానీ పాత మురికి గానీ కనిపిస్తే బేసిన్‌ను ఉత్తరంలోంచి తీసేయండి. ప్లంబరు వచ్చి విప్పకముందే ఈ ఫొటోలన్నీ తీయాలి, విప్పాక బోల్టుల స్థితిని ఎవరూ నమ్మరు.

పరుపు విషయంలో మీ అదృష్టం ఆ కాలిన దుప్పటి. దాన్ని చాకలికి వేయకండి. పరుపు మాత్రమే కాలి పైనున్న దుప్పటి బాగుంటే, అది పాత మచ్చని, మీరు కొత్త దుప్పటి కప్పి గది ఇచ్చారని అవతలివారు అనగలరు. రెండూ ఒకే చోట, ఒకే ఆకారంలో కాలితే ఆ దుప్పటి పరచిన తర్వాతే కాలిందన్నమాట. ఆ దుప్పటి ఎప్పుడు పరిచారో మీ రూమ్ బాయ్ పుస్తకంలో ఉంటుంది. ఇస్త్రీ పెట్టె రిసెప్షన్ నుంచే ఇచ్చి ఉంటే ఆ పద్దును ఫొటో తీయండి. పెట్టె చల్లారి ఉండగా దాని అడుగును కాగితం మీద గీసి, ఆ కాగితాన్ని మచ్చ పక్కన పెట్టి, కొలత టేపుతో కలిపి ఒక ఫొటో తీయండి. వంద మాటలు చెప్పలేనిది ఆ ఫొటో చెబుతుంది.

ఒక్కో వస్తువుకు మూడు దూరాల నుంచి ఫొటోలు కావాలి. మొదటిది తలుపు మీద 204 అంకె కనిపించేది, రెండోది గది మొత్తంలో ఆ వస్తువు ఎక్కడుందో చూపేది, మూడోది దగ్గరగా తీసినది. దగ్గరి ఫొటో ఒక్కటే పంపితే అది ఏ గదిదో ఎవరికీ తెలియదు. అసలు ఫైళ్లు ఫోనులో అలాగే ఉంచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, తీసిన సమయం వంటి వివరాలు పోతాయి, కాబట్టి డాక్యుమెంట్ రూపంలో పంపాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని కోర్టులో చూపాలంటే దానితో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. మీ వ్యవహారం అంత దూరం వెళ్లకపోవచ్చు, అసలు ఫైలు మాత్రం భద్రంగా ఉండాలి.

వసారాలో కెమెరా ఉంటే ఈ రోజే ఆ మూడు రోజుల రికార్డు విడిగా దాచండి. హార్డ్ డిస్క్ నిండగానే పాతది చెరిగిపోతూ ఉంటుంది. అందులో గది లోపల జరిగింది కనిపించదు, కనిపించకూడదు కూడా. అది చూపేది ఒక్కటే: వారు తాళం ఇచ్చిన క్షణం నుంచి మీ మనిషి నష్టం చూసిన క్షణం వరకు 204లోకి ఇంకెవరు వెళ్లారన్నది. ఇటువంటి వ్యవహారాలు ఆ మధ్య సమయం దగ్గరే తేలిపోతాయి. 11 గంటలకు ఖాళీ చేస్తే, మీరు సాయంత్రం నాలుగింటికి చూసి ఉంటే, ఆ ఐదు గంటలూ తలుపు తెరిచి ఉంటే, మీ చేతిలో దాదాపు ఏమీ లేనట్టే. పది నిమిషాల్లో చూసి, ఆ సమయం రాసి, రూమ్ బాయ్ సంతకం చేసి ఉంటే ఉత్తరానికి వెన్నెముక దొరికినట్టే. ఆ అబ్బాయితో రెండు విషయాలు ఈ రోజే రాయించండి. ముందు రోజు ఉదయం గది సర్దినప్పుడు బేసిన్, పరుపు ఎలా ఉన్నాయి, ఖాళీ చేశాక తాను ఏం చూశాడు. అతని మాటల్లోనే రాయనివ్వండి, "ఎవరో పెళ్లివారి పిల్లలు ఆడుకున్నారట" వంటి విన్న మాటలు వద్దు.

ఇక లెక్క. నేను బాధ కలిగిస్తుందన్న సంగతి ఇదే. చాలా ఏళ్ల క్రితం నాలుగేళ్లు వాడిన పరుపుకు కొత్త పరుపు ధర అడుగుతూ, దానికి ఐదు వేలు జరిమానా కలిపి, ఒక వృద్ధ దంపతులకు ఉత్తరం పంపాను. గోడ మీద బోర్డులో జరిమానా అని రాసి ఉంది కాబట్టి నా పక్షాన న్యాయం ఉందనుకున్నాను. వాళ్లు మారు మాట్లాడకుండా కట్టారు. ఆ తర్వాత మాకు ఆడిట్ చేసే పెద్దాయన ఆ కాగితం చూసి, భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చదివి వినిపించారు. ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, న్యాయంగా దక్కేది సమంజసమైన పరిహారమే, రాసుకున్న మొత్తం దానికి పైహద్దు మాత్రమే. నేను రాసిన ఐదు వేలకు ఏ నష్టమూ ఆధారం లేదు. ఆ డబ్బు తిరిగి పంపించాం. అప్పటి నుంచి జరిమానా అనే మాట నా ఉత్తరాల్లో లేదు.

మీరు ధరలు చెప్పలేదు కాబట్టి ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను, మీ బిల్లులు చూసి అంకెలు మార్చుకోండి. పరుపును 2022 జూన్‌లో 9,600 రూపాయలకు కొన్నారనుకుందాం. లాడ్జి వాడకంలో దానికి ఎనిమిదేళ్ల ఆయుష్షు వేసుకుంటే 96 నెలలు, అంటే నెలకు వంద రూపాయలు. 2025 నవంబరు నాటికి 41 నెలలు వాడేశారు. మిగిలిన 55 నెలలకు 5,500 రూపాయలు. అదే మీ నష్టం. ఆ 41 నెలల వాడకానికి అద్దె రూపంలో మీకు డబ్బు ఇదివరకే వచ్చింది. మచ్చ పైగుడ్డ వరకే ఉండి లోపలి ఫోము బాగుంటే గలీబు మార్చే ఖర్చు మాత్రమే అడగాలి.

బేసిన్ అదే రకానిది ఇప్పుడు 2,400 అనుకుందాం. ఆరేళ్ల కిందట బిగించారు, ఇరవై ఏళ్ల ఆయుష్షు వేస్తే 720 తగ్గించాలి, 1,680 మిగులుతుంది. ప్లంబరు కూలి, సిమెంటు పూతకు 900. కూలికి వయసు ఉండదు కాబట్టి దాన్ని తగ్గించనక్కర లేదు. బేసిన్‌కు మొత్తం 2,580. పరుపుతో కలిపి 8,080 రూపాయలు.

గోరింటాకు మరకలను ఈ లెక్కలోంచి పూర్తిగా తీసేయమని గట్టిగా చెబుతాను. పెళ్లివారికి గదులు ఇచ్చినప్పుడు గోరింటాకు, పసుపు, పారాణి వస్తాయని మనకు తెలుసు. అది ఆ వ్యాపారంలో భాగం. ముదురు రంగు దుప్పట్లు వేసి ఉండాల్సింది మనమే. రెండు దుప్పట్ల కోసం ఆ వాక్యం పెడితే, పెళ్లికూతురి తండ్రి దాన్నే పట్టుకుంటారు, నలుగురిలో చెబుతారు, విన్నవారంతా ఆయన పక్షమే అవుతారు. కాలిన దుప్పటికి కూడా విడిగా ధర వేయకండి, అది మీకు రుజువుగా ఎక్కువ విలువైనది. గది రెండు రోజులు మూసి ఉంచిన అద్దె అడగాలనిపిస్తుంది. ఆ రెండు రోజులూ మిగతా గదులన్నీ నిండి, 204 లేక ఎవరినో తిప్పి పంపినట్టు పుస్తకం చూపితేనే అడగండి. పక్క గదులు ఖాళీగా ఉండగా ఆ అద్దె మీరు పోగొట్టుకోలేదు. గది అద్దె మీద వేసినట్టు ఈ మొత్తం మీద జీఎస్టీ కూడా వేయకండి. పరిహారం అనేది సేవకు చెల్లించే ధర కాదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు సర్క్యులర్‌లో వివరించింది.

ఉత్తరం ఎవరి పేరున? 204 కార్డు మీద సంతకం చేసిన వ్యక్తి వేరైతే, ఆరు గదులకూ బాధ్యత తీసుకుని బుక్ చేసినవారు ఎవరో చూడండి. బుకింగ్ కాగితం మీద పెళ్లికూతురి తండ్రి సంతకం ఉంటే ఆయనకే రాయండి. ఆయన పేరున ఏ సంతకమూ లేకపోతే 204 కార్డు మీద ఉన్నవారికే రాయాలి. ఎవరికి రాసినా ఆ ఒక్కరికే పంపండి. పెళ్లి కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో మీ నంబరు ఉన్నా అక్కడ ఒక్క ఫొటో కూడా వేయకూడదు.

నేనైతే ఇలా రాస్తాను. ఇందులోని సమయాలు నేను ఊహించి పెట్టినవి, మీ పుస్తకంలో ఉన్నవే వేయండి.

"తేదీ: 18 నవంబరు 2025

గౌరవనీయులు ............ గారికి,

నమస్కారం. మీ అమ్మాయి పెళ్లికి మా లాడ్జిలో బస చేసినందుకు కృతజ్ఞతలు. నవదంపతులకు మా శుభాకాంక్షలు.

మీ పేరున నవంబరు 14 నుంచి 16 వరకు తీసుకున్న ఆరు గదుల్లో 204 గురించి ఈ ఉత్తరం రాస్తున్నాం. 15వ తేదీ ఉదయం 10.30కు మా సిబ్బంది ఆ గది సర్దినప్పుడు బేసిన్, పరుపు బాగున్నట్టు, దుప్పటి మార్చినట్టు పుస్తకంలో నమోదై ఉంది. అదే రోజు సాయంత్రం 6.15కు ఆ గదికి ఇస్త్రీ పెట్టె ఇచ్చినట్టు రిసెప్షన్ పద్దు ఉంది. 16వ తేదీ ఉదయం 11.00కు తాళం తిరిగి అందింది. 11.10కు గది చూసినప్పుడు వాష్ బేసిన్ విరిగి ఉంది. పరుపు మీద, దానిపై దుప్పటి మీద ఒకే చోట ఇస్త్రీ పెట్టె ఆకారంలో కాలిన మచ్చ ఉంది. ఆ పది నిమిషాల్లో గదిలోకి ఇతరులెవరూ వెళ్లలేదని వసారా కెమెరా రికార్డులో ఉంది.

ఇవి పొరపాటున జరిగి ఉంటాయని అనుకుంటున్నాం. ఈ సంగతి మీ దృష్టికి వచ్చి ఉండకపోవచ్చు కూడా. గదిలో ఉన్నవారిని ఒకసారి అడిగి చూడగలరు.

వాడిన కాలానికి తగ్గించి వేసిన లెక్క: పరుపుకు రూ. 5,500 (2022 జూన్‌లో కొన్న ధర 9,600, ఎనిమిదేళ్లలో మిగిలిన 55 నెలలకు). బేసిన్‌కు రూ. 1,680 (ధర 2,400, ఆరేళ్ల వాడకం తగ్గించి). బిగింపు కూలికి రూ. 900. మొత్తం రూ. 8,080. ఫొటోలు, పుస్తకం పేజీలు, కొనుగోలు బిల్లు, ప్లంబరు అంచనా ప్రతులు జతచేశాం.

ఈ మొత్తాన్ని డిసెంబరు 2, మంగళవారం సాయంత్రం 6 గంటలలోగా కింది ఖాతాకు గానీ, రిసెప్షన్‌లో గానీ చెల్లించి రసీదు తీసుకోవలసిందిగా కోరుతున్నాం. లెక్కలో గానీ, జరిగిన విషయంలో గానీ మీకు వేరే అభిప్రాయం ఉంటే అదే తేదీలోగా రాసి పంపండి, పరిశీలించి మూడు రోజుల్లో జవాబిస్తాం. విరిగిన బేసిన్, పరుపు, దుప్పటి డిసెంబరు 16 వరకు మా దగ్గరే ఉంటాయి. మీరు గానీ, మీ తరఫున ఎవరైనా గానీ వచ్చి చూడవచ్చు.

డిసెంబరు 2లోగా చెల్లింపు గానీ జవాబు గానీ అందకపోతే, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా సామరస్య పరిష్కారం కోరతాం.

భవదీయుడు,"

గడువు గురించి. పద్నాలుగు రోజులు ఎందుకంటే, పెళ్లయిన ఇంట్లో మొదటి వారమంతా చుట్టాలను సాగనంపడం, బిల్లులు కట్టడం, వ్రతాలతో గడుస్తుంది. 204లో ఉన్నవారు ఏ ఊరివారో, వారిని అడిగి తెలుసుకోవాలి. రెండు వారాలైతే జీతం వచ్చే ఒకటో తేదీ కూడా గడువులో పడుతుంది. మూడు రోజులు ఇస్తే బెదిరింపులా ఉంటుంది, రెండు నెలలు ఇస్తే మీకే అంత పట్టింపు లేదనిపిస్తుంది. "రెండు వారాల్లోగా" అని రాయకుండా తేదీ, వారం, గంట వేయండి. లేకపోతే ఉత్తరం ఎప్పుడు అందిందన్న దాని మీదే వాదన మొదలవుతుంది. వస్తువులు దాచే తేదీ గడువు తర్వాత ఉండటం కూడా ముఖ్యం, వచ్చి చూస్తామన్నవారికి చూపడానికి ఏమీ లేకపోతే మీ మాట చెల్లదు.

చివరి వాక్యంలో మీరు నిజంగా చేయబోయేదే రాయాలి. పోలీసు కేసు మాట ఎత్తకండి. పొరపాటున కాలిన పరుపు నేరం అవదు, డబ్బు కోసం కేసు పెడతామని భయపెట్టడం మాత్రం మీ మీదికే తిరగవచ్చు. ఎవరి ఆధార్ కార్డో మీ దగ్గర ఉండిపోయి ఉంటే, డబ్బుతో ముడిపెట్టకుండా వెంటనే తిరిగి ఇచ్చేయండి. న్యాయసేవాధికార సంస్థ పేరు ఎందుకు వేశానంటే, కేసు వేయకముందే అక్కడ దరఖాస్తు ఇవ్వవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుంటే ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. అవతలివారు ఒప్పుకోకపోతే మాత్రం అది ఏమీ విధించలేదు. అప్పుడు మిగిలేది సివిల్ దావా, దానికి మూడేళ్ల వ్యవధి ఉంది, కానీ ఎనిమిది వేల కోసం ఆ దారి పట్టమని నేను చెప్పను.

ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు చూపే రుజువు దాచుకోండి. అదే రోజు పగటిపూట వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి, "ఉత్తరం పోస్టులో కూడా పంపాం, తీరిక చూసుకుని చదవగలరు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకోండి. మధ్యలో ఫోన్లు వద్దు. గడువిచ్చి రోజూ గుర్తుచేస్తే ఇచ్చిన గడువును మీరే వెనక్కి తీసుకున్నట్టు. నవంబరు 30న ఒక్కసారి, తేదీ మాత్రం గుర్తుచేస్తూ సందేశం చాలు.

"ఇస్త్రీ మచ్చ మావాళ్లదే, బేసిన్ సంగతి తెలియదు" అనే జవాబు రావచ్చు. నా అనుభవంలో ఇలాంటి సగం ఒప్పుకోళ్లు తరచుగా నిజమే అవుతాయి. బోల్టుల ఫొటో మీద మీకే కొంచెం అనుమానం ఉంటే 5,500 తీసుకుని ముగించండి. అనుమానం లేకపోతే ఆ ఫొటో మళ్లీ పంపి, వచ్చి చూడమనండి. రెండు విడతల్లో ఇస్తామంటే రెండు తేదీలూ రాసి పంపమని ఒప్పుకోండి. ఎంతకు ముగించినా, డబ్బు అందిన రోజే "204 గదికి సంబంధించి ఇక బాకీ లేదు" అని రాసిన రసీదు పంపండి. విడిగా దాచిన కెమెరా రికార్డును ఆ తర్వాత చెరిపేయండి.